పిల్లల డాక్టరుకి రాసిన నాలుగు పేజీల కోపం

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందంటారు. నాకు అత్తగారు లేరు, తోటికోడలూ లేదు. ఆ రెండు ఉద్యోగాలూ మా ఆడబిడ్డ ఒక్కతే చేసేది. మా ఆయనకి సొంత అక్క, నాకు వదిన. బాపట్లలో ఒక ఆసుపత్రిలో నర్సు. మా ఇళ్లలో ఎవరికి జలుబు చేసినా ఆవిడని అడక్కుండా మాత్ర మింగేవాళ్లు కాదు. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి చదివించింది ఆవిడే కాబట్టి, మా ఆయనకి ఆవిడ మాట పాస్టరుగారి ప్రసంగం కంటే ఒక మెట్టు పైనుండేది.

మేము రేపల్లెలో ఉండేవాళ్లం. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. మా ఆయన జంపనిలో పంచదార ఫ్యాక్టరీలో గుమాస్తా. రోజూ రైల్లో వెళ్లి వచ్చేవారు. మాకు ఒక్కతే కూతురు. దానికి పదకొండేళ్లు నిండినా, కొత్తగా చూసినవాళ్లు రెండో తరగతా, మూడో తరగతా అని అడిగేవాళ్లు. ఈ కథ ఆ పిల్ల ఎత్తు గురించి. మా వదిన మీద నా పగ గురించి కూడా. రెండూ నాకు ఏనాడూ విడివిడిగా అర్థం కాలేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు విడదీయాలి.

మా ఇళ్లలో క్రిస్మస్‌కి ఆడపిల్లలకి గౌను కుట్టిస్తే అడుగున బెత్తెడు మడత పెట్టి కుట్టిస్తాం. మరుసటి క్రిస్మస్‌కి పిల్ల పెరుగుతుంది, మడత విప్పితే గౌను పొడుగవుతుంది. అదీ పొట్టయ్యాక ఇంట్లో తరవాతి పిల్లకి పోతుంది. మా అమ్మాయి గౌన్లు అలాగే వదిన కూతురికి వెళ్లేవి. ఆ పిల్ల మా దానికంటే రెండేళ్లు చిన్నది. ఏటా బాపట్లలో పండగ చేసుకోవడానికి వెళ్లినప్పుడు గౌన్లు ఉతికి, ఇస్త్రీ చేసి నా చేత్తోనే తీసుకెళ్లేదాన్ని.

ఆ ఏడాది లెక్క తిరగబడింది. గుడిలో క్రిస్మస్ ఆరాధన అయ్యి వచ్చి అందరం హాల్లో కూర్చున్నాం. బంధువులంతా ఉన్నారు. వదిన లోపల్నుంచి గులాబీ రంగు గౌను ఒకటి తెచ్చి మా అమ్మాయి ఒళ్లో పెట్టింది.

"ఇది మా పిల్లకి పొట్టయిపోయిందమ్మాయ్. మీ దానికి సరిగ్గా సరిపోద్ది. మడత కూడా విప్పక్కర్లేదు" అంది నాతో, అందరికీ వినపడేటట్టు.

ఎవరో నవ్వారు. మా అమ్మాయి లేచి నిలబడి, థాంక్సత్తా అని, గదిలోకి వెళ్లి ఆ గౌను తొడుక్కుని వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్లకి పొట్టయిన గౌను పదకొండేళ్ల పిల్లకి అద్దినట్టు సరిపోయింది. ఆ పూట నాకు అన్నం ముద్ద దిగితే ఒట్టు.

వదిన అక్కడితో ఆపలేదు. నోట్లో నువ్వుగింజ నానదు కదా ఆవిడకి. "మీ అమ్మ ఎంతుండేది? నా భుజం కాడికి రాదు. విత్తనాన్ని బట్టే మొక్క. దీనికి ఏ మందూ లేదు" అని తీర్పు చెప్పేసింది. తీర్పు చెప్పి ఊరుకోకుండా సెలవులకి వెళ్లినప్పుడల్లా బలానికని ఇంజెక్షన్లు పొడిచేది, ఆకలి పుట్టిస్తుందని టానిక్కు సీసాలు ఇచ్చేది. మందు లేదంటూనే మందు ఎందుకిస్తుందో నేను ఏనాడూ అడగలేదు. అడిగితే మా ఆయన, అక్క నర్సు, నీకేం తెలుసు అనేవారు. నాకు తెలిసింది ఒక్కటే, నా పిల్ల ఆగిపోయింది. గోడ గడియారం ఆగితే ఇంట్లో అందరూ చూస్తారు, పిల్ల ఆగితే మా అమ్మ పొట్టిది అంటారు.

ఆ రోజు బస్సెక్కి తిరిగొస్తుంటే చెరుకుపల్లి దాటేలోపు ఒట్టు పెట్టుకున్నాను. ఈ పిల్లని పెంచి, అదే హాల్లో, అదే జనం ముందు ఆవిడ కూతురి పక్కన నిలబెడతాను. విత్తనం మాట ఆవిడ చేతే కక్కిస్తాను. క్రీస్తు పుట్టిన రోజున పెట్టుకోవాల్సిన ఒట్టు కాదని తెలుసు. పెట్టుకున్నాను.

మా స్కూల్లో తోటి టీచరు ఒకావిడ తెనాలిలో పిల్లల డాక్టరు గురించి చెప్పింది. ఆయన పద్ధతే వేరట. పల్లెల నుంచి, చిన్న ఊళ్ల నుంచి వచ్చే తల్లుల్ని ముందుగా ఉత్తరం రాయమంటాడట. గదిలోకి వచ్చాక తల్లి నోరు విప్పేలోపు నాయనమ్మో, తండ్రో, పక్కింటావిడో మాట్లాడేస్తారనీ, అసలు పిల్లని రోజూ చూసే మనిషి గోడకి ఆనుకుని నిలబడిపోతుందనీ ఆయన గోల. ఉత్తరం చదివి, ఏమేం తేవాలో, ఎప్పుడు రావాలో జవాబు రాస్తాడట.

నాకు కావలసింది అదే. మా ఆయన నిద్రపోయే ఆదివారం మధ్యాహ్నం చూసుకుని కూర్చున్నాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, బోర్డు మీద రాసి రాసి. ఆ గుండ్రటి అక్షరాలతో నాలుగు పేజీలు రాశాను. ఇప్పటికీ కొన్ని వాక్యాలు గుర్తున్నాయి.

"గౌరవనీయులైన డాక్టరుగారికి నమస్కారములు. మా ఆడబిడ్డగారు నర్సు. ఆమె మా అమ్మాయి పొట్టితనం మా పుట్టింటి నుండి వచ్చినదని పదిమందిలో అన్నారు. మా నాయనగారు మంచి పొడగరి అని తమకు మనవి. ఆమె ఇచ్చిన టానిక్కుల వలన ఏ ప్రయోజనమూ లేదు. ఆమె కుమార్తె గౌను మా అమ్మాయికి ఇచ్చి అవమానించినారు. ఇది మా పుట్టింటి దోషము కాదని తమరు వ్రాతపూర్వకముగా తెలియజేస్తే ఎంతో మేలు చేసినవారగుదురు. మా అమ్మాయి వయసు పదకొండు. ఎదుగుదల లేదు."

పిల్ల గురించి ఆఖరి రెండు ముక్కలే. పోస్టులో వేసి వచ్చాక ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఒక పెద్ద డాక్టరు సంతకం పెట్టిన కాగితం బాపట్ల హాల్లో చదివి వినిపిస్తున్నట్టు రెండు రోజులు పగటికలలు కన్నాను. కాగితం చేతికొస్తే దాన్ని పటం కట్టించేదాన్నేమో.

జవాబు ఇన్‌లాండు కవర్లో వచ్చింది.

"అమ్మా, మీ ఉత్తరం చదివి మీ ఆడబిడ్డగారి గురించి నాకు చాలా తెలిసింది. ఆవిడకి వైద్యం చేయమంటే చేయగలను కానీ, నేను పిల్లల డాక్టర్ని. మీ అమ్మాయి గురించి మళ్లీ రాయండి" అని మొదలుపెట్టాడాయన.

ఒళ్లు మండిపోయింది. చింపేద్దామనుకున్నాను. కింద ప్రశ్నలు ఉండబట్టి ఆగాను. పుట్టినప్పుడు బరువెంత? మీరిద్దరూ ఎంత ఎత్తు? పిల్ల మొదట్నుంచీ చిన్నదేనా, లేక కొన్నాళ్లు బాగా పెరిగి ఆగిందా? ఆగితే ఏ వయసులో? సన్నగా ఉందా, బొద్దుగా ఉందా? చలి ఎక్కువా? రోజూ విరోచనం అవుతుందా? ఒళ్లు పొడిబారుతుందా? తలనొప్పి, చూపు మందగించడం ఉన్నాయా? ఆటల్లో ఎలా ఉంటుంది? ఇంట్లో ఎవరికైనా మెడ దగ్గర వాపు గానీ, ఇలాంటి నలత గానీ ఉందా? ఆఖర్న ఒక మాట రాశాడు. ఎంత ఎత్తుంది అనేదానికన్నా ఏడాదికి ఎంత పెరుగుతోంది అనేదే నాకు ముఖ్యం, పాత ఎత్తులు ఏ రూపంలో ఉన్నా తెండి.

పాత ఎత్తులు నా దగ్గర ఎక్కడున్నాయి? గుమ్మం మీద పెన్సిలు గీతలు పెట్టుకునే అలవాటు మాకు లేదు. పెట్టినా ఏటా పండక్కి రంగులు వేయిస్తాం కాబట్టి చెరిగిపోయేవి. అప్పుడు గౌన్లు గుర్తొచ్చాయి. కింద మడత విప్పితే పాత అంచు దగ్గర గీత పడుతుంది, ఎన్నిసార్లు ఉతికినా పోదు. పెట్టె దించి, వదిన కూతురికి పొట్టయి తిరిగొచ్చిన వాటితో సహా ఒక్కొక్క గౌనూ మంచం మీద పరిచాను. ఆరేళ్లప్పటి దానికి మడత విప్పిన గీత ఉంది. ఏడేళ్లప్పటి దానికీ ఉంది. ఎనిమిదేళ్ల పండక్కి కుట్టించినదానికి మడత మడతలాగే ఉంది. తరవాతి ఏటిదీ అంతే. ఆ పైదీ అంతే. వాటిని వదిన కూతురికి ఎందుకు పంపలేదా అని ఆలోచిస్తే అప్పుడు తెలిసింది, ఇవింకా మా అమ్మాయే తొడుక్కుంటోంది. మూడేళ్లుగా నేను ఆ మడతలు విప్పలేదు, విప్పలేదన్న సంగతి కూడా గమనించలేదు. గౌను చిరగలేదు కదా, బాగానే ఉంది కదా అనుకున్నాను. మా పొదుపు మా కళ్లకి గంతలు కట్టింది.

మిగతా ప్రశ్నలకి జవాబులు రాయడం మొదలుపెట్టాను. చలి ఎక్కువా? డిసెంబరులో ఎండపడే గోడ వదిలేది కాదు. విరోచనం మూడు నాలుగు రోజులకి ఒకసారి. ఒళ్లు ఎంత నూనె రాసినా పొలుసులు. బొద్దుగానే ఉంది, బుగ్గలు ఉబ్బి ముద్దొచ్చేలా ఉంది, అందుకే తిండి చాలడం లేదని ఎవరూ అనలేదు. ఆటల్లో ఎలా ఉంటుంది? ఆడదు. పరుగెత్తదు. కూర్చోబెట్టినచోట కూర్చుంటుంది. గట్టిగా మాట్లాడదు. చేతిరాత అచ్చుగుద్దినట్టు. బంగారుతల్లి అని అందరూ మెచ్చుకునేవాళ్లు. నేను కూడా ఇంట్లో ఎలా పెంచానో చూడండి అన్నట్టు తిరిగేదాన్ని. ఇంట్లో ఎవరికైనా ఉందా అంటే, నాకూ మా ఆయనకీ లేదు కాబట్టి లేదు అని రాశాను. ఈసారి ఉత్తరం ఒక పేజీనే. వదిన పేరెత్తలేదు.

ఫిబ్రవరిలో ఒక రోజు రమ్మన్నాడు. మా ఆయనకి చెప్పక తప్పలేదు. అక్కని ఒకసారి అడుగుదాం అన్నారు. మీరు అడగండి, నేను రైలెక్కుతాను అన్నాను. గొణుక్కుంటూనే సెలవు పెట్టి వచ్చారు. పొద్దున్న ప్యాసింజరులో తెనాలి వెళ్లాం, గౌన్ల సంచీతో సహా.

డాక్టరుగారు పెద్దాయన, బట్టతల, కోపిష్టి. నాకు అక్కడే నచ్చాడు. మా ఆయన ఏదో చెప్పబోతే, మీరు కూర్చోండి బాబూ, అమ్మ రాసింది నా దగ్గరుంది అని ఆపేశాడు. పిల్ల చెప్పులు విప్పించి, జడ విప్పించి, మడమలు గోడకి ఆనించి నిలబెట్టి, నెత్తిమీద చెక్క ఆనించి కొలిచాడు. మళ్లీ దించి మళ్లీ కొలిచాడు. గౌన్లు బల్ల మీద పరుచుకుని టేపు పెట్టి చూసుకున్నాడు. ఏ వయసుకి ఎంత ఎత్తుండాలో చూపించే అట్ట మీదున్న వంకర గీతల పక్కన చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. ఆరూ ఏడూ ఎనిమిదీ చుక్కలు గీతతో పాటే పైకి వెళ్లాయి. అక్కణ్ణుంచి నేల మీద పాకినట్టు అడ్డంగా వెళ్లాయి. ఎనిమిదేళ్ల పిల్ల ఎత్తు దగ్గర మా పిల్ల నిలిచిపోయిందని ఆ అట్ట చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

తరవాత దాన్ని కుర్చీ మీద మోకాళ్ల మీద కూర్చోబెట్టి, పాదాలు వేలాడుతుంటే మడమ వెనక నరం మీద చిన్న సుత్తితో కొట్టాడు. పాదం ఎగిరింది. ఎగిరిన పాదం చటుక్కున తిరిగి రాలేదు, నిద్రలో ఉన్నట్టు మెల్లిగా దిగింది. నన్ను దగ్గరికి పిలిచి మళ్లీ కొట్టి చూపించాడు.

"తిండి చాలని పిల్లయితే ముందు బరువు తగ్గుతుందమ్మా, ఎత్తు తరవాత ఆగుతుంది. ఇక్కడ బరువుంది, ఎత్తు ఆగింది. గొంతులో థైరాయిడ్ గ్రంథి పడుకున్నట్టుంది. రక్తం చూస్తే గానీ ఒట్టేసి చెప్పను" అన్నాడు.

మరి బుద్ధిమంతురాలండి, అస్సలు అల్లరి చెయ్యదండి అన్నాను నేను, ఎందుకన్నానో. అది బుద్ధి కాదమ్మా, జబ్బు అన్నాడాయన.

ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించాం. రక్తం గుంటూరులో ఇస్తే అక్కణ్ణుంచి మద్రాసు పంపారు. రిపోర్టు వచ్చేదాకా రెండు వారాలు నేను స్కూల్లో పిల్లల్ని ఊరికే తిట్టేదాన్ని. రిపోర్టు చూసి డాక్టరుగారు మాకు అర్థమయ్యేలా చెప్పాడు. మెదడు కింద ఉండే గ్రంథి, పనిచెయ్యి పనిచెయ్యి అని థైరాయిడ్‌ని కేకలేస్తోంది, ఆ కేకల అంకె ఆకాశంలో ఉంది, గొంతులోది పలకడం లేదు. ఎక్స్‌రేలో ఎముకలు ఏడెనిమిదేళ్ల పిల్లవి. నేను ఏడవబోతే, అది మంచి కబురమ్మా అన్నాడు. ఎముక వెనకబడిందంటే పెరగడానికి ఇంకా టైముంది. ఈడొచ్చి ఎముకలు మూసుకుపోతే తలుపు మూసినట్టే, ఇక ఏ మందూ పనిచేయదు. పోయిన మూడేళ్లు మొత్తం తిరిగి రావు. ఎంత వస్తే అంత, త్వరగా మొదలుపెడదాం అన్నాడు.

మందు అంటే ఏ ఇంజెక్షనో, ఏ ఆపరేషనో అనుకున్నాను. చిటికెన వేలి గోరులో సగం లేని తెల్ల మాత్ర. పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, అరగంట దాకా పాలూ టిఫినూ ఇవ్వకూడదు. మొదట తక్కువ మోతాదు, తరవాత రక్తం చూసి పెంచుతాడు. జీవితాంతం మానకూడదు. ఆ చిన్న మాత్ర చేతిలో పెట్టుకుని నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇంత చిన్నదానికా మూడేళ్లు మా అమ్మని తిట్టించుకున్నాను? ఇంత చిన్నది ఆసుపత్రిలో నర్సుకి తట్టలేదా?

మా ఆయన బాపట్ల వెళ్లి అక్కకి చెప్పొచ్చారు. జీవితాంతం మాత్రలేంటి, పిల్లని మందులకి బానిసని చేస్తారా, టౌను డాక్టర్లు అంతే అందట. అంతేకాక వేసవి సెలవులకి పిల్లని తన దగ్గర వదలమందట, మాత్రలు లేకుండా చూసి చెప్తానందట. నేను పంపలేదు. మా పెళ్లయ్యాక వదిన అడిగితే కాదన్నది అదే మొదటిసారి. మా ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉంది.

మాత్ర ఏం చేసిందో చెప్తాను. ముందు విరోచనం బాగయింది. తరవాత మొహం ఉబ్బు దిగి, లోపల్నుంచి వేరే మొహం బయటికొచ్చింది. జుట్టు కొంత రాలి మళ్లీ వచ్చింది. ఇంకొన్నాళ్లకి ఇంట్లో చప్పుడు మొదలైంది. నా పిల్ల గొంతు అంత పెద్దదని నాకు పదకొండేళ్లు తెలియదు. పిట్ట కొంచెం కూత ఘనం. గోడ దూకి మోకాలు చెక్కుకుంది. నాకు ఎదురు చెప్పింది. చేతిరాత కోడి గెలికినట్టయింది, లెక్కల్లో మార్కులు పడిపోయాయి. క్లాసు టీచరు నన్ను పిలిచి, మీ అమ్మాయి చెడిపోతోంది మేడమ్ అంది. స్టాఫ్ రూములో అందరి ముందు నవ్వేశాను.

వేసవి అయ్యేసరికి గౌను మోకాలి పైకి వెళ్లింది. మడత విప్పాను. దసరా సెలవులప్పటికి రెండో గౌను మడత కూడా విప్పాను. ఒక్కో మడత విప్పుతుంటే బాపట్ల హాలు కళ్ల ముందు కనపడేది. దారం తెంపుతూ, చూస్తావుగా అని పైకే అనుకునేదాన్ని.

అక్టోబరులో మళ్లీ చూపించడానికి తెనాలి వెళ్లినప్పుడు డాక్టరుగారు అట్ట మీద కొత్త చుక్క పెట్టి, ఇదిగో పైకి లేచింది అన్నాడు. అప్పుడే పాత ప్రశ్న మళ్లీ అడిగాడు. ఇది ఇళ్లల్లో వరసన వస్తుంటుందమ్మా, ఆడవాళ్లలో ఎక్కువ, మీ ఇద్దరి వైపూ సరిగ్గా చూశారా, మెడ నిండుగా ఉండటం, గొంతు బొంగురుపోవడం, ఎండలో కూడా చలి, మొహం వాపు, ఎవరికైనా ఉంటే పరీక్ష చేయించుకోమనండి అన్నాడు. లేదండి అన్నాను అలవాటుగా.

వేమూరు స్టేషనులో రైలు ఆగినప్పుడు తట్టింది. చటుక్కున లేచి కూర్చున్నాను. మా వదిన రెండేళ్లుగా గుడిలో పాడటం మానేసింది, గొంతు బొంగురుపోయిందని. పగలే స్వెట్టరు వేసుకునేది. మొహం నిండిందని, ఒళ్లు చేసిందని, అదృష్టం పట్టిందని అందరం అనేవాళ్లం. నడక కూడా నెమ్మదించింది. నాలుక ఒక్కటే నెమ్మదించలేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

అప్పుడు నా ఒంట్లో పాకిన సంతోషం ఎలాంటిదో దేవుడికి తెలుసు. విత్తనం! విత్తనాన్ని బట్టే మొక్క అంది కదా. మా ఆయనతో చెప్తే ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్లి అక్క చెవిలో మెల్లిగా చెప్పేసేవారు. చెప్పలేదు. రెండు నెలలు నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆదివారం గుడిలో అందరం కలిసి ప్రార్థన చెప్పేటప్పుడు మాకు కీడు చేసినవాళ్లని క్షమించాం అనే మాట వచ్చే చోట నా పెదవులు కదిలేవి కావు. నేను దానికి సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడటం లేదు.

పండగొచ్చింది. అదే హాలు, అదే జనం. మా అమ్మాయికి కొత్త గౌను కుట్టించాను, మడత లేకుండా. ఇద్దరు పిల్లలూ పక్కపక్కన నిలబడ్డారు. మా అమ్మాయి ఆ పిల్ల కంటే పొడుగు అయిపోలేదు, అబద్ధం ఎందుకు, నుదుటి దాకా వచ్చింది. కానీ ఏడాది కిందట చూసినవాళ్లు నోరు తెరిచారు. వీధిలో పిల్లలందరినీ వరసలో నిలబెట్టి ఆడిస్తున్న గొంతు మా దానిదే.

భోజనాలకి కూర్చున్నాం. కోడిపలావు వడ్డిస్తూ, మధ్యాహ్నం ఎండలో స్వెట్టరు తొడుక్కుని, బొంగురు గొంతుతో వదిన అంది. "ఆ వయసొస్తే అందరూ పెరుగుతార్లే. నా టానిక్కులు ఇప్పటికి పనిచేశాయి."

నేను విస్తరి ముందు నుంచి లేచాను.

"టానిక్కు కాదు వదినగారూ, థైరాయిడ్ జబ్బు. ఇంటివరసన వస్తుందంట. ఇంకెవరికైనా ఉందా అని డాక్టరుగారు అడిగారండి. మా పుట్టింట్లో ఎవరికీ లేదు. ఎండలో స్వెట్టరు ఎవరేసుకున్నారో, గొంతు ఎవరికి పోయిందో, మొహం ఎవరిది వాచిందో అందరూ చూస్తానే ఉన్నారు. విత్తనం ఎవరిదో ఇప్పుడు చెప్పండి."

మా ఆయన మొహం పాలిపోయింది. వదిన చేతిలో గిన్నె కింద పెట్టింది. చెయ్యి మెల్లిగా మెడ మీదికి వెళ్లింది, నర్సు చెయ్యి కదా, వేళ్లు వాటంతట అవే తడిమాయి. వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను వెనకే వెళ్లాను. ఇంకా మిగిలింది ఉంది, అదీ అనేద్దామని. మా అమ్మ పేరు మీద ఒక వాక్యం తయారు చేసుకుని ఉన్నాను.

ఆవిడ పొయ్యి దగ్గర గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసి నా ముంజేయి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా చల్లగా ఉంది, మా అమ్మాయి చెయ్యి ఒకప్పుడు ఉన్నట్టే.

"నిజంగా అదేనంటావా అమ్మాయ్? క్యాన్సర్ కాదా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. గొంతు క్యాన్సరు రోగుల్ని వార్డులో చూసీ చూసీ, గొంతు బొంగురుపోయి, మింగుతుంటే అడ్డం పడుతున్నట్టుంటే, తనకీ అదే అని తేల్చేసుకుందట. ఏడాదిన్నరగా ఎవరికీ చెప్పలేదట. చూపించుకుంటే నిజమైపోతుందని భయమట. ఇంటిల్లిపాదికీ వైద్యం చెప్పే మనిషి అంతవరకూ తన మెడ తాను తడిమి చూసుకోలేదు.

"పిల్లని ఎవరికి అప్పజెప్పాలా అని రోజూ ఆలోచిస్తన్నా. నీ దగ్గరే వదుల్దామనుకున్నా. నాకెదురు తిరిగైనా నీ పిల్లని తెనాలి తీసుకుపోయావు కదా, నువ్వైతే నా పిల్లని కూడా వదలవని" అంది.

నేను తయారు చేసుకున్న వాక్యం ఇక ఎందుకూ పనికిరాదు. ఆవిడ నా భుజం మీద తల పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. ఏడాదంతా పగ దాచి, పదును పెట్టి, పదిమందిలో పొడిస్తే, ఆవిడకి అది జీవితంలో విన్న అన్నిటికన్నా మంచి కబురైంది. తంతే బూరెల గంపలో పడ్డట్టు! నాకు ఒళ్లంతా భగ్గుమంది. రెండు నెలలు ముందు చెప్పి ఉంటే రెండు నెలలు ముందు నిద్రపోయేది కదా అన్న ఆలోచన వచ్చి, దాన్ని కూడా తిట్టుకున్నాను. తోసేద్దామంటే చేతులు రాలేదు.

"ఏం కాదు వదినగారూ. ఇంకో ముప్పై ఏళ్లు నన్ను సాధిస్తారు" అన్నాను.

సాధిస్తూనే ఉంది. రక్తం చూపిస్తే ఆవిడకీ అదే జబ్బని తేలింది, మాత్రలు మొదలుపెట్టిన ఏడాదిలోపే గొంతు తిరిగొచ్చింది, మునుపటికంటే గట్టిగా. మా అమ్మాయి నా చెవి దాకా పెరిగి ఆగింది. ఎనిమిదేళ్లకే పట్టుకుని ఉంటే నన్ను దాటేదేమో అన్నాడు డాక్టరుగారు. పోయిన ఆ మూడేళ్ల కోసం ఎవరినో ఒకరిని క్షమించకుండా ఉండాలని నాకు ఇప్పటికీ ఉంది. ఆ ఎవరో, ఏటా పండక్కి నా కూతుర్ని గుమ్మంలోనే ఆపి, తన మెడ మీద చెయ్యేసుకుని, మాత్ర వేసుకున్నావా అని ముందుగా అడుగుతుంది.